“నా స్క్రీన్ మీద ఉన్నట్టే రావాలి”: ఆల్బం ఆర్డర్‌తో ల్యాబ్‌కి ఏం రాయాలి

విజయవాడలో పెళ్లి తీసిన ఒక ఫోటోగ్రాఫర్ హైదరాబాద్‌లోని ల్యాబ్‌కి ఆల్బం ఆర్డర్ పెడుతున్నాడనుకుందాం. 12x36 సైజు, 40 షీట్లు, మ్యాట్ లామినేషన్. ఫైళ్లు గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, లింకుతో పాటు ఈ నాలుగు ముక్కలు రాశాడు:

> సర్, 40 షీట్లు పంపాను. మంచి క్వాలిటీ రావాలని అన్నీ Adobe RGB (1998)లో పెట్టాను. నా మానిటర్ ప్రొఫైల్ కూడా జత చేశాను. బ్రైట్‌నెస్ 80% పెట్టి ఎడిట్ చేశాను. నా స్క్రీన్ మీద ఎలా ఉన్నాయో అచ్చం అలాగే రావాలి.

కలర్ స్పేస్ చెప్పాడు, ప్రొఫైల్ ఇచ్చాడు, బ్రైట్‌నెస్ కూడా చెప్పాడు. చాలామంది లింకు పడేసి ఊరుకుంటారు కాబట్టి ఇది నయమే కదా అనిపిస్తుంది. కానీ ల్యాబ్ ఆపరేటర్ కుర్చీలో కూర్చుని చదివితే ఇందులో అతనికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు, పైగా కలర్ స్పేస్ సంగతి పని చెడగొట్టేలా ఉంది. ఎందుకో ఒక్కొక్కటిగా చూస్తే అసలు ఏం రాయాలో దానంతటదే తేలుతుంది.

ముందు అడోబ్ ఆర్‌జీబీ సంగతి. ఫోటో ఫైల్లో ఉండేవి రంగులు కావు, అంకెలు. ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు, 0 నుంచి 255 దాకా. ఆ అంకెలకి అర్థం చెప్పేదే కలర్ స్పేస్. ఎస్‌ఆర్‌జీబీలో 255,0,0 అంటే ఏ ఎరుపో, అడోబ్ ఆర్‌జీబీలో అదే ఎరుపుని దాదాపు 219,0,0 అని రాస్తారు, ఎందుకంటే రెండో దాని పరిధి పెద్దది. ఇప్పుడు 219 అని రాసిన ఫైల్ ల్యాబ్‌కి వెళ్లింది. మన దగ్గర ఆల్బం ల్యాబుల్లో చాలావాటి సాఫ్ట్‌వేర్ వచ్చిన ప్రతి ఫైలూ ఎస్‌ఆర్‌జీబీయే అనుకుని నడుస్తుంది, లోపల ప్రొఫైల్ ఉందా లేదా అని చూడదు. దాని లెక్కలో 219 అంటే ఎస్‌ఆర్‌జీబీ 219, అంటే ఫోటోగ్రాఫర్ అనుకున్న దానికంటే తక్కువ ఎరుపు. పెళ్లికూతురి ఎర్ర పట్టుచీర వెలిసిపోయినట్టు, మామిడాకుల తోరణం వాడిపోయినట్టు, ముఖాలు నెత్తురు లేనట్టు వస్తాయి. మెషిన్‌లో ఏ లోపమూ లేదు, ఫైల్లోనూ లేదు. ఒకరు రాసిన భాషని ఇంకొకరు వేరే భాష అనుకుని చదివారు, అంతే.

“పరిధి పెద్దది” అంటే “క్వాలిటీ ఎక్కువ” అని అర్థం కాదు. ఇంక్‌జెట్ ప్రింటర్ మీద ఆర్ట్ పేపర్ ప్రింట్లు వేసే స్టూడియో ఉండి, వాళ్లు ప్రొఫైల్ చదివి రంగులు మార్చుకునే పద్ధతిలో పనిచేస్తుంటే, అడోబ్ ఆర్‌జీబీ వల్ల కొన్ని ఆకుపచ్చలు, నీలాల్లో నిజంగానే లాభం ఉంటుంది. పెళ్లి ఆల్బమ్‌కి ల్యాబ్ అడిగేది ఎస్‌ఆర్‌జీబీ అయితే అదే ఇవ్వాలి, దాంట్లో చిన్నతనం ఏమీ లేదు.

ఇక్కడే చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఫోటోషాప్ Edit మెనూలో Assign Profile, Convert to Profile అని రెండూ పక్కపక్కనే ఉంటాయి. కన్వర్ట్ చేస్తే రంగు అలాగే ఉండి అంకెలు మారతాయి, 219 కాస్తా 255 అవుతుంది. అసైన్ చేస్తే అంకెలు అలాగే ఉండి వాటి అర్థం మారిపోతుంది, అంటే ల్యాబ్‌లో జరగాల్సిన నష్టం ఇంట్లోనే జరిగిపోతుంది. గుర్తుపట్టడం తేలికే. కన్వర్ట్ నొక్కినప్పుడు స్క్రీన్ మీద ఫోటో దాదాపు కదలకూడదు. అసైన్ నొక్కగానే ఒక్కసారిగా రంగు దిగిపోవడమో ఎగదన్నడమో కళ్లకి కనిపిస్తుంది. లైట్‌రూమ్‌లో అయితే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు Color Space దగ్గర sRGB ఎంచుకుంటే చాలు, అది కన్వర్టే చేస్తుంది.

నలభై షీట్లలో ముప్పై ఆరు బాగా వచ్చి నాలుగు మాత్రం వెలిసిపోయినట్టు వస్తే, ఆ నాలుగూ వేరే కెమెరావేమో ముందు చూడాలి. పెళ్లికి ఇద్దరు ముగ్గురు తీస్తారు కదా, ఒకరి కెమెరాలో కలర్ స్పేస్ అడోబ్ ఆర్‌జీబీ అని పెట్టి ఉంటుంది, అతని జేపెగ్‌లు నేరుగా ఆల్బం డిజైన్‌లోకి వచ్చి పడతాయి. ఫైల్ పేరే ఆ సంగతి చెబుతుంది. అడోబ్ ఆర్‌జీబీలో తీసిన జేపెగ్ పేరు ముందు కెమెరా అండర్‌స్కోర్ పెడుతుంది, _DSC1234.JPG, _MG_1234.JPG లాగా. కొన్ని కెమెరాలు ఆ ఫైల్లో ప్రొఫైల్ ఎంబెడ్ చేయవు కూడా, కాబట్టి డిజైనర్ దాన్ని తెరిచిన రోజే తప్పు అర్థంతో షీట్‌లో అతుక్కుని ఉంటుంది. ఇక షీట్ మొత్తాన్ని ఎంత పద్ధతిగా కన్వర్ట్ చేసినా ఆ ఫోటో బాగుపడదు, వెనక్కి వెళ్లి సరైన ప్రొఫైల్ అసైన్ చేసి మళ్లీ పెట్టాలి. అసైన్ అనేది నిజంగా అవసరమయ్యేది ఇలాంటి చోటే.

పంపే ముందు ఫోల్డర్ అంతా ఒకసారి చూసుకోవాలంటే, ఫైల్ లోపలి వివరాలు చూపించే ఎగ్జిఫ్‌టూల్ ప్రోగ్రామ్ ఉన్నవాళ్లకి ఒక్క లైన్ చాలు:

```
exiftool -ProfileDescription *.jpg
```

ప్రతి ఫైల్ పేరు కిందా `sRGB IEC61966-2.1` అనో, దాని ఇంకో రకం ఎస్‌ఆర్‌జీబీ పేరో కనిపించాలి. ఏదైనా ఫైల్ కింద ఖాళీగా ఉంటే దాంట్లో ప్రొఫైల్ లేదన్నమాట. అక్కడ మానిటర్ మోడల్ పేరు కనిపిస్తే అది ఇంకో తలనొప్పి.

మానిటర్ ప్రొఫైల్‌కి, ల్యాబ్‌కి అసలు సంబంధమే లేదు. “ఈ టేబుల్ మీదున్న ఈ స్క్రీన్ ఎరుపుని కాస్త ఎక్కువ చూపిస్తుంది, నీలాన్ని కాస్త తక్కువ” అని ఆ కంప్యూటర్‌కి చెప్పే ఫైల్ అది. ఫోటోషాప్ దాన్ని చదివి స్క్రీన్‌కి పంపే రంగుల్ని సరిచేస్తుంది, దాంతో దాని పని అయిపోయింది. హైదరాబాద్‌లో ఉన్న ప్రింటర్‌కి విజయవాడ టేబుల్ మీదున్న స్క్రీన్ గుణగణాలు తెలిసినా చేసేదేం లేదు. కొందరు ఇంకో అడుగు వేసి ఫోటోషాప్ కలర్ సెట్టింగ్స్‌లో వర్కింగ్ స్పేస్‌గా మానిటర్ ప్రొఫైల్‌నే పెట్టేస్తారు, అప్పుడు ప్రతి ఫైల్లోనూ అదే ఎంబెడ్ అయి వెళ్తుంది. ల్యాబ్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదువుతుంది, రంగులు ఎటో అటు జరుగుతాయి.

ల్యాబ్‌తో మాట్లాడాల్సిన ప్రొఫైల్ వేరే ఉంది. అది ల్యాబ్ దగ్గర ఉండేది: ఫలానా మెషిన్, ఫలానా పేపర్ కలిస్తే ఏయే రంగులు ఎంతవరకు వస్తాయో చెప్పే ఐసీసీ ఫైల్. దాన్ని మనం పంపకూడదు, అడిగి తెచ్చుకోవాలి. ఫోటోషాప్‌లో View మెనూ కింద Proof Setup, Custom లోకి వెళ్లి ఆ ప్రొఫైల్ ఎంచుకుని, Preserve Numbers టిక్ తీసేస్తే, ఆ పేపర్ మీద ఫోటో సుమారుగా ఎలా వస్తుందో స్క్రీన్ మీదే కనిపిస్తుంది. దీన్నే సాఫ్ట్ ప్రూఫ్ అంటారు. దీని వల్ల బయటపడే మొదటి నిజం రాణి రంగు చీర. మెరిసే రాణి పింక్, ముదురు నెమలి నీలం, రిసెప్షన్ స్టేజీ మీద పర్పుల్ ఎల్‌ఈడీ వెలుగు, ఇవి స్క్రీన్ తనంతట తాను వెలిగి చూపించే రంగులు. కాగితం వెలగదు, తన మీద పడిన వెలుగులో కొంత మింగి మిగతాది తిప్పి పంపుతుంది. అందుకే ఒకే రంగు బాగా వెలుగ్గానూ, బాగా చిక్కగానూ కాగితం మీద రావడం కష్టం. సాఫ్ట్ ప్రూఫ్ ఆన్ చేయగానే చీర మడతలన్నీ కలిసిపోయి ఒకే పింక్ ముద్దలా కనిపిస్తే, ప్రింట్‌లోనూ అదే వస్తుంది. అప్పుడు ఆ చీర వరకే సాచురేషన్, వెలుగు కొద్దిగా తగ్గిస్తే రంగు కాస్త తగ్గినా మడతలు, జరీ గీతలు బతుకుతాయి. కస్టమర్‌కి ఆ కాస్త రంగు తేడా తెలియదు గానీ, జరీ పోతే మాత్రం వాళ్లమ్మగారికి వెంటనే తెలుస్తుంది.

ల్యాబ్ ప్రొఫైల్ ఇచ్చినా ఫైళ్లని అందులోకి కన్వర్ట్ చేసి పంపాలా, చూసుకోవడానికి మాత్రమేనా అన్నది ల్యాబ్‌నే అడగాలి. ఎస్‌ఆర్‌జీబీ అడిగే ల్యాబులకి అది చూసుకోవడానికే. మనం ఒకసారి మార్చి, వాళ్ల మెషిన్ ఇంకోసారి మార్చితే రంగు రెండుసార్లు జరుగుతుంది. పెళ్లికార్డులు వేసే ఆఫ్‌సెట్ ప్రెస్ వాళ్లు సీఎంవైకే అడుగుతారు, ఆ అలవాటుతో ఆల్బం ఫైళ్లు కూడా సీఎంవైకేలోకి మార్చేవాళ్లు ఉన్నారు. ల్యాబ్ అడగనిదే ఆ పని చేయకూడదు.

ఇక బ్రైట్‌నెస్. ఆల్బమ్‌ల మీద వచ్చే గొడవల్లో “డార్క్‌గా వచ్చింది” అన్నదే పెద్దది, దానికి కారణం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది.

80% అన్న అంకెకి సొంతంగా అర్థం లేదు. దేనిలో 80% అన్నది తెలియాలి. 250 నిట్ల మానిటర్ మీద 80% ఒకటి, 500 నిట్ల ల్యాప్‌టాప్ మీద 80% ఇంకొకటి. నిట్ అంటే స్క్రీన్ ఎంత వెలుగు ఇస్తోందో చెప్పే కొలత, కాలిబ్రేషన్ సాఫ్ట్‌వేర్‌లో cd/m² అని కనిపించేది అదే. ప్రింట్ కోసం ఎడిట్ చేసేవాళ్లు సాధారణంగా 80 నుంచి 120 మధ్య పెట్టుకుంటారు. కొత్త స్క్రీన్లు డబ్బాలోంచి తీసినప్పుడు తరచూ దానికి రెండు మూడు రెట్లు వెలుగుతాయి. అలాంటి స్క్రీన్ మీద సరిగ్గా ఎక్స్‌పోజ్ అయిన ఫోటో కూడా కళ్లకి కొట్టినట్టు కనిపిస్తుంది, కాబట్టి చెయ్యి దానంతటదే ఎక్స్‌పోజర్ స్లైడర్‌ని వెనక్కి లాగుతుంది. స్క్రీన్ బ్రైట్‌నెస్ ఫైల్లోకి ఎక్కదు, ఎక్కేది వెనక్కి లాగిన ఆ ఎక్స్‌పోజర్. ప్రింట్ డార్క్‌గా రావడమంటే ఫైల్ డార్క్‌గా ఉండటమే, మెషిన్ నిజాయితీగా దాన్నే వేసింది.

కలరిమీటర్ ఉంటే దాంతో 100 నిట్లు, D65, గామా 2.2 అని లక్ష్యం పెట్టి కాలిబ్రేట్ చేసుకోవచ్చు. లేకపోతే కెమెరానే మీటరు. ఐఎస్‌ఓ 100, ఎఫ్/4 పెట్టి, స్క్రీన్ నిండా తెల్ల పేజీ తెరిచి, ఫోకస్ కాస్త చెదరగొట్టి, ఆ తెలుపు మాత్రమే ఫ్రేమ్‌లో ఉండేలా చూసి మీటర్ సున్నా దగ్గర నిలిచేలా షట్టర్ తిప్పితే, 1/50 దగ్గర ఆగిందంటే స్క్రీన్ సుమారు 100 నిట్ల దగ్గర ఉన్నట్టు. 1/160 దగ్గర ఆగితే 320 దాకా ఉంది. కెమెరాని బట్టి మూడో వంతు స్టాప్ అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 100 అనుకున్నది 80 కావచ్చు, 125 కావచ్చు. ఆ మాత్రం తేడాతో ఆల్బం పాడవదు, మూడు రెట్ల తేడాతో పాడవుతుంది.

ఈ చిట్కాలో అసలు సుఖం ఏంటంటే, అదే సెట్టింగ్‌తో కాగితాన్నీ కొలవొచ్చు. ప్రింట్ చూసే చోట ఒక తెల్ల కాగితం పెట్టి మీటర్ చూడండి. ప్రింట్లు పరిశీలించడానికి ఐఎస్‌ఓ 3664 ప్రమాణం చెప్పే రెండు వెలుగుల్లో తక్కువది 500 లక్స్, ఆ వెలుగులో తెల్ల కాగితం ఇచ్చేది సుమారు 140 నిట్లు. రాత్రిపూట ఒక ట్యూబ్‌లైట్ ఉన్న హాల్లో 150 లక్స్ ఉందనుకుంటే కాగితం ఇచ్చేది 40 చిల్లర, షట్టర్ 1/20 దగ్గర ఆగుతుంది. అంటే 320 నిట్ల స్క్రీన్ పక్కన ఆ హాల్లో ఆల్బం పెట్టి చూస్తే స్క్రీన్ తెలుపుకీ కాగితం తెలుపుకీ దాదాపు మూడు స్టాప్‌ల తేడా. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి “మ్యాచ్ కాలేదు” అంటే ఏ ల్యాబూ మ్యాచ్ చేయలేదు. స్క్రీన్ చూడకుండా ఆల్బం ఒక్కటే చూస్తే కన్ను ఆ వెలుగుకి అలవాటు పడుతుంది కాబట్టి అంత తేడా అనిపించదు, కానీ నల్ల సూటులో, జుట్టులో వివరం మాత్రం మాయమవుతుంది.

స్క్రీన్‌ని నమ్మకుండా సరిచూసుకునే దారి ఇంకొకటి ఉంది, అది అంకెలు. మధుపర్కాలు కట్టుకున్న ఫోటో తెరిచి, వెలుగు బాగా పడిన చోట తెల్ల బట్ట మీద కర్సర్ పెట్టి ఫోటోషాప్ ఇన్ఫో ప్యానెల్ చూస్తే, అంకెలు 230, 240 ప్రాంతంలో ఉండాలి. 180, 190 దగ్గర ఉండి కూడా స్క్రీన్ మీద తెల్లగా మెరుస్తోందంటే స్క్రీన్ అబద్ధం చెబుతున్నట్టే. పంచె కాస్త గోధుమ రంగుదైతే నీలం అంకె తక్కువుంటుంది, అది మామూలే, దాన్ని బట్టి వైట్ బ్యాలెన్స్ మార్చకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: బ్రైట్‌నెస్ అంకె ల్యాబ్‌కి ఎందుకు రాయాలి? మెషిన్‌కి అది అక్కర్లేదు, దాన్ని ఎక్కడా టైప్ చేసే చోటు కూడా ఉండదు. అది ఆపరేటర్ కోసం. ల్యాబ్‌లో ఆపరేటర్ ప్రతి ఆర్డర్‌నీ తన స్క్రీన్ మీద చూస్తాడు, డార్క్‌గా అనిపిస్తే డెన్సిటీ మారుస్తాడు, ముఖం ఎర్రగా అనిపిస్తే రంగు దించుతాడు. అతను మంచికే చేస్తాడు, ఎందుకంటే వచ్చే ఫైళ్లలో సగం నిజంగానే డార్క్‌గా ఉంటాయి. తర్వాత ఫోన్‌లో “అన్నా, కొంచెం డార్క్‌గా ఉన్నాయి, లేపి వేశాం” అంటాడు. సరిగ్గా ఎడిట్ చేసిన రాత్రి రిసెప్షన్ ఫోటోలు అలా లేపితే నల్ల సూటు బూడిద రంగు అవుతుంది, దీపాల చుట్టూ ఉన్న వెలుగు తెల్లగా కాలిపోతుంది. “100 నిట్ల దగ్గర చూసి ఎడిట్ చేశాం” అన్న మాట అతనికి చెప్పేది ఒక్కటే: ఈ డార్క్ కావాలని ఉంచింది, పొరపాటున వచ్చింది కాదు. దాని పక్కన “కరెక్షన్ వద్దు” అని లేకపోతే ఆ మాటకి కూడా బలం లేదు.

ఇన్ని చెప్పినా “స్క్రీన్‌లాగే” అన్న కోరిక తీరదు, ఎందుకంటే ల్యాబ్ ఆ స్క్రీన్‌ని చూడలేదు. ల్యాబ్‌వాళ్లూ, ఫోటోగ్రాఫరూ ఇద్దరూ చేత్తో పట్టుకుని చూడగలిగేది టెస్ట్ ప్రింట్ ఒక్కటే. అందుకని ఈమెయిల్‌లో “దేనితో మ్యాచ్ కావాలి” అన్న చోట స్క్రీన్ బదులు టెస్ట్ ప్రింట్ రావాలి. మళ్లీ రాస్తే ఇలా ఉంటుంది:

> విషయం: 12x36 ఆల్బం, 40 షీట్లు – ముందు టెస్ట్, ఓకే చెప్పాకే మిగతావి
>
> నమస్తే సర్,
>
> ఫైళ్లన్నీ JPEG, 8 బిట్, 10800 x 3600 పిక్సెల్స్, 300 డీపీఐ. అన్నీ sRGB IEC61966-2.1లోకి కన్వర్ట్ చేసి ప్రొఫైల్ ఎంబెడ్ చేశాం. మీ మెషిన్‌కి ఇంకేదైనా కావాలంటే వేసే ముందే చెప్పండి, మార్చి పంపుతాం.
>
> ఆటో కరెక్షన్, డెన్సిటీ, కలర్, షార్పెనింగ్ ఏదీ వద్దు. 100 cd/m², D65 దగ్గర కాలిబ్రేట్ చేసిన స్క్రీన్ మీద ఎడిట్ చేశాం. 22 నుంచి 31 వరకు షీట్లు రాత్రి రిసెప్షన్, అవి డార్క్‌గానే ఉంటాయి. ఏదైనా మీకు తేడాగా అనిపిస్తే మార్చకుండా ఫోన్ చేయండి.
>
> TEST.jpg అనే ఫైల్లో నాలుగు ఫోటోలు పెట్టాం. ఆల్బమ్‌కి వాడే పేపర్ మీదే, అదే మ్యాట్ లామినేషన్‌తో ఒక్క షీట్ వేసి కొరియర్ చేయండి. వెనకాల మెషిన్, పేపర్ పేరు, తేదీ రాయండి. మేం ఓకే చెప్పాక 40 షీట్లూ అదే మెషిన్ మీద, అదే పేపర్ మీద వేయాలి. టెస్ట్ చార్జీ బిల్లులో వేసుకోండి.
>
> ఈ పేపర్‌కి మీ దగ్గర ఐసీసీ ప్రొఫైల్ ఉంటే పంపగలరా? చూసుకోవడానికి మాత్రమే, ఫైళ్లు అందులోకి మార్చం.

టెస్ట్ ఫైల్లో ఏ నాలుగు పెట్టాలన్నది ఆలోచించి పెట్టాలి. బాగున్న ఫోటోలు పెడితే అన్నీ బాగానే వస్తాయి, ఏమీ తెలియదు. పగటి వెలుగులో ముఖం ఒకటి, మధుపర్కాల తెలుపు ఒకటి, రాణి రంగు చీర దగ్గరగా తీసింది ఒకటి, నల్ల సూటు ఉన్న రాత్రి ఫోటో ఒకటి. లామినేషన్ తప్పకుండా ఉండాలి, మ్యాట్ ఫిల్మ్ పడగానే నలుపు కాస్త లేచి బూడిదగా మారుతుంది, ముఖ్యంగా ఆ నాలుగో ఫోటోలో. ఉత్త షీట్ చూసి ఓకే చెప్పి, లామినేషన్ అయ్యాక డల్‌గా ఉందనడం ల్యాబ్‌వాళ్లకి అన్యాయం.

టెస్ట్ వచ్చాక కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని పగటి వెలుగులో చూడాలి, పసుపు బల్బు కింద కాదు. నాలుగూ ఒకేలా డార్క్‌గా ఉండి రంగులు మాత్రం సరిగ్గా ఉంటే తప్పు ఎడిటింగ్ స్క్రీన్ వెలుగుది, ఫైళ్లన్నీ ఒకే మోతాదులో లేపాలి. నాలుగూ వెలిసిపోయినట్టుంటే కలర్ స్పేస్ ఎక్కడో తప్పింది. చీర ఒక్కటే ముద్దయిపోయి మిగతా మూడూ బాగుంటే అది కాగితం హద్దు, ఆ ఫోటో వరకే సర్దుకోవాలి. మధుపర్కాల తెలుపుతో పాటు నల్ల సూటు మీద కూడా పచ్చగానో ఎర్రగానో ఒకే ఛాయ కనిపిస్తే అప్పుడు ల్యాబ్‌కి ఫోన్ చేసి మెషిన్ కాలిబ్రేషన్ అడగడంలో తప్పులేదు. ఆ ఛాయ ఇంట్లో ఎల్‌ఈడీ కింద మాత్రమే కనిపించి కిటికీ దగ్గర పోతే అది బల్బు పని.

ఈ ఏర్పాటుకీ గడువుంది. ఫోటో పేపర్ మీద రసాయనాలతో వేసే మెషిన్లు రోజూ కొద్దిగా జరుగుతుంటాయి, అందుకే ల్యాబులు వాటిని తరచూ కాలిబ్రేట్ చేస్తాయి, పేపర్ మారినప్పుడల్లా మళ్లీ చేస్తాయి. టెస్ట్ చూసి ఓకే చెప్పడానికి కస్టమర్ నెలన్నర నాన్చితే ఆ టెస్ట్ మీద పెద్దగా ఆధారపడలేం, ఇంకో షీట్ వేయించుకోవాల్సిందే. ఇక పెళ్లికూతురు తన ఫోన్లో, వివిడ్ మోడ్‌లో, వాట్సాప్‌లో వచ్చిన ఫోటో పక్కన ఆల్బం పెట్టి చూస్తుంది, ఆ ఫోన్‌కి ఈ ఈమెయిల్‌లో చోటు లేదు. ఓకే చెప్పించుకోవడం ఆ టెస్ట్ షీట్ వాళ్ల చేతికిచ్చి చెప్పించుకుంటే, ఆల్బం వచ్చిన రోజు పక్కన పెట్టి పోల్చడానికి ఫోన్ బదులు ఆ షీట్ ఉంటుంది.